గోడగా నిలిచి వంతెనగా మారే ఏనుగు

మైపాడులో మా వీధి అరుగుల మీద సాగే చదరంగంలో ఒక ముగింపు తరచూ కనిపిస్తుంది. ఇద్దరి దగ్గరా ఒక్కో రాజు, ఒక్కో ఏనుగు మిగులుతాయి. ఒకరికి మాత్రం ఒక బంటు ఎక్కువ. ఆ బంటు ఏడో వరుస దాకా వెళ్తుంది, దాని ముందు సొంత రాజే అడ్డంగా నిలబడిపోతాడు. రాజు పక్కకు జరిగితే ఎదుటి ఏనుగు చెక్ మీద చెక్ ఇస్తుంది. కాసేపటికి ఇద్దరూ విసిగి డ్రా అనుకుని బలాలను పెట్టెలో వేసేస్తారు. నిజానికి అది గెలిచే ఆట.

ఈ స్థితిని లుసెనా స్థితి అంటారు. స్పెయిన్‌కు చెందిన లుసెనా 1497లో వేసిన చదరంగం పుస్తకం మీదుగా ఆ పేరు వచ్చింది. తమాషా ఏమిటంటే ఆ పుస్తకంలో ఈ స్థితే లేదు. 1634లో ఇటలీవాడు సాల్వియో వేసిన పుస్తకంలో ఇది కనిపిస్తుంది. గెలిచే పద్ధతికి ‘వంతెన కట్టడం’ అన్న పేరును 1925లో నిమ్‌జోవిచ్ తన పుస్తకం ద్వారా ప్రచారంలోకి తెచ్చాడు.

బల్ల ముందు పెట్టుకుని బలాలను ఇలా అమర్చండి. తెల్ల రాజు డి8లో, తెల్ల బంటు డి7లో, తెల్ల ఏనుగు ఇ1లో. నల్ల రాజు ఎఫ్7లో, నల్ల ఏనుగు సి2లో. ఎత్తు తెలుపుది. తెల్ల రాజు తప్పుకుంటే చాలు, బంటు మంత్రి అవుతుంది. కానీ తప్పుకునే చోటేదీ? సి7, సి8 గళ్ళను నల్ల ఏనుగు కాస్తోంది. ఇ7, ఇ8 గళ్ళను నల్ల రాజు కాస్తున్నాడు.

ఇప్పుడు తెల్ల ఏనుగు ఏం చేస్తోందో చూడండి. ఇ నిలువు వరుస అడుగున నిలబడి, ఆ వరుసను పైదాకా తన అధీనంలో ఉంచుకుంది. ఆ వరుసలో నల్ల రాజు కాలు పెట్టలేడు కాబట్టి బంటు వైపు రాలేడు. ఇదే రాజును వేరు చేయడం. ఏనుగు ఇక్కడ గోడ.

మొదటి పని ఆ గోడను ఇంకాస్త అవతలికి జరపడం. తెల్ల ఏనుగు ఎఫ్1కు వచ్చి చెక్ ఇస్తుంది. నల్ల రాజు ఇ6కు వస్తే తెల్ల రాజు ఇ8కి జరుగుతాడు. ఇ వరుసలో సొంత రాజే అడ్డుండటంతో నల్ల ఏనుగు అటునుంచి చెక్ ఇవ్వలేదు, బంటు మంత్రి కావడం ఆగదు. అందుకే నల్ల రాజు జి7కు పోతాడు. ఇప్పుడు గోడ ఎఫ్ వరుసలో ఉంది, తెల్ల రాజుకు ఇ7 గడి తెరుచుకుంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. రాజు వెంటనే ఇ7కు వస్తే నల్ల ఏనుగు ఇ2 నుంచి చెక్ ఇస్తుంది. రాజు డి6కు వెళ్తే డి2 నుంచి, ఇ6కు వెళ్తే మళ్ళీ ఇ2 నుంచి. బంటుకు దూరమైతే ఏనుగు దాన్ని తినేస్తుంది, దగ్గరే ఉంటే చెక్‌లు ఆగవు. అరుగు మీద ఆటలు డ్రా అయ్యేది ఈ గళ్ళలోనే.

గెలిపించే ఎత్తులో చెక్ లేదు, బెదిరింపూ పైకి కనిపించదు. తెల్ల ఏనుగు ఎఫ్1 నుంచి ఎఫ్4కు వస్తుంది, అంతే. ఈ ఎత్తులోని నేర్పంతా ఒక్క సంగతిలో ఉంది: ఏనుగు ఎఫ్ వరుసను విడిచిపెట్టలేదు. గోడ అలాగే ఉంది, నల్ల రాజు ఇంకా బయటే ఉన్నాడు. అదే సమయంలో ఏనుగు నాలుగో అడ్డు వరుసలోకి వచ్చింది, అక్కడి నుంచి అవసరమైనప్పుడు పక్కకు రాగలదు. ఒక పని మానకుండానే రెండో పనికి సిద్ధమైంది.

నల్ల ఏనుగు సి1కు జరిగి వేచి చూస్తుందనుకుందాం. ఇప్పుడు తెల్ల రాజు ఇ7కు వస్తాడు. ఇ1 నుంచి చెక్. రాజు డి6కు. డి1 నుంచి చెక్. రాజు ఇ6కు, బంటును కాస్తూనే. ఇ1 నుంచి మళ్ళీ చెక్. ఈసారి రాజు డి5కు దిగుతాడు. డి1 నుంచి చెక్ వస్తుంది. అప్పుడు ఎఫ్4లోని ఏనుగు డి4కు వచ్చి రాజుకూ నల్ల ఏనుగుకూ మధ్య నిలబడుతుంది. వంతెన పూర్తయింది. నల్ల ఏనుగు దాన్ని తింటే రాజు తిరిగి తింటాడు. నల్ల రాజు జి7 నుంచి ఒక్క ఎత్తులో బంటును అందుకోలేడు, బంటు మంత్రి అవుతుంది. తినకపోయినా అదే జరుగుతుంది.

నాలుగో వరుసే ఎందుకు? ఏనుగును ఎఫ్3లో పెట్టి చూడండి. రాజు డి5లో ఉండగా చెక్ వస్తే ఏనుగు డి3లో అడ్డం పడాలి. అక్కడ రాజు దాన్ని కాయలేడు, నల్ల ఏనుగు ఉత్తినే తినేస్తుంది. ఎఫ్5లో పెడితే నల్ల రాజు జి6కు వచ్చి ఏనుగు మీదికే వస్తాడు, దాన్ని మళ్ళీ కదపక తప్పదు, ఒక ఎత్తు వృథా. ఎఫ్4 మాత్రం జి7లోని నల్ల రాజుకు ఒక్క అడుగులో అందదు, డి5కు దిగే తెల్ల రాజుకు సరిగ్గా పక్క గడిలో అడ్డం పడుతుంది.

వంతెన చివరి ఘట్టం మాత్రమే. అసలు శ్రమ అంతకు ముందు గోడ కట్టడంలో ఉంది. నల్ల రాజు బంటు ముందుకు చేరిపోతే ఈ స్థితే రాదు. అప్పుడు అతని ఏనుగు ఆరో అడ్డు వరుసలో కాపలా ఉండి, బంటు ఆ వరుసకు వచ్చేదాకా ఆగి, తర్వాత అడుగు వరుసకు దిగి వెనక నుంచి చెక్‌లు ఇస్తుంది. 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు ఫిలిడోర్ పేరు మీద ఉన్న రక్షణ ఇది. దాన్ని రానివ్వకూడదంటే రాజును ముందే దూరంగా ఆపాలి. ఎంత దూరం? అంచు బంటు, దాని పక్క బంటు కాకుండా మిగిలిన వాటికి ఒక లెక్క ఉంది. తెల్ల రాజు బంటు దగ్గరే ఉండగా, బంటు ఐదో వరుసకు చేరితే మధ్యలో ఒక్క నిలువు వరుస వేరు చేసినా సాధారణంగా చాలు. నాలుగో వరుసలోనే ఉంటే రెండు వరుసలు కావాలి, ఒక్కటే అయితే నల్ల ఏనుగు ఎదురుగా నిలబడి చెక్‌లతో నిలబెట్టుకుంటుంది. అంచు బంటుకు ఈ లెక్క పనికిరాదు. రాజు మూలలో ఇరుక్కుంటాడు, బయటపడే వైపు ఒక్కటే, కాబట్టి ఏడో వరుసకు చేరిన తర్వాత కూడా ఎదుటి రాజు మరెంతో దూరంగా ఉండాలి.

వంతెన చివర జరిగేది ఏనుగుల మార్పిడి. అదనపు బంటు బలం తేలేది అక్కడే. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ టైటిల్ పోరు చివరి ఆటలో చెన్నై తెలుగు కుటుంబపు కుర్రాడు గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ ఉంది. ఇద్దరికీ ఏనుగు, శకటు ఉన్నంతసేపు డింగ్ లిరెన్ నిలబడ్డాడు. 55వ ఎత్తులో తన ఏనుగును ఎఫ్2లో పెట్టి మార్పిడికి దారిచ్చాడు. ఏనుగులు పోయాయి, వెంటనే శకట్లూ పోయాయి, మిగిలిన బంటుతోనే గుకేశ్ ప్రపంచ విజేత అయ్యాడు. అది లుసెనా స్థితి కాదు, కానీ మార్పిడి ఎందుకు ప్రాణాంతకమో అందులో కనిపిస్తుంది. డింగ్ పొరపాటున ఇచ్చిన ఆ మార్పిడిని లుసెనా స్థితిలో వంతెన బలవంతంగా రాబడుతుంది.

అందుకే ఈ స్థితి వచ్చినప్పుడు ఏనుగును కదిపేముందు రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు. కదిలాక కూడా ఎదుటి రాజు బయటే ఉంటాడా? నా రాజు దిగివచ్చే గడి పక్కన నా ఏనుగు నిలబడగలదా? రెండింటికీ అవునన్న జవాబు వస్తే, ఎన్ని చెక్‌లు వచ్చినా ఆట మీదే.