వెయ్యిన్నొకటితో జవాబు వడపోత

రైల్వే ఎన్‌టీపీసీ మొదటి దశ పరీక్షలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు. అంటే ఒక్కోదానికి సగటున 54 సెకన్లు. తప్పు పెడితే మూడో వంతు మార్కు పోతుంది. కాలిక్యులేటర్ ఉండదు. పి.గన్నవరంలో సాయంత్రం పూట నా దగ్గరికి లెక్కలకు వచ్చే పిల్లల్లో ఎక్కువమంది ఇలాంటి పరీక్షల వాళ్లే. గుణకారం వాళ్లకు రాక కాదు, చేసేంత వ్యవధి లేక ఇబ్బంది. ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఏది కాకూడదో ముందు చూడమని వాళ్లకు చెబుతుంటాను. అందుకు నేను ఎక్కువగా నమ్ముకునేది 7, 11, 13 భాజనీయతా సూత్రాలను.

ఈమధ్య వాళ్ల కోసం ఒక ప్రశ్న తయారుచేశాను. అంబాజీపేట నుంచి 429 లారీల కొబ్బరికాయలు వెళ్లాయి, లారీకి 4,657 కాయలు, మొత్తం ఎన్ని? ఆప్షన్లు ఇవి: ఎ) 19,98,753, బి) 19,87,953, సి) 19,97,853, డి) 19,88,853.

పిల్లలు ముందు చివరి అంకెలు చూస్తారు. 57ను 29తో గుణిస్తే 1,653 కాబట్టి జవాబు 53తో ముగియాలి. నాలుగూ 53తోనే ముగుస్తున్నాయి. తర్వాత అంకెల మొత్తం చూస్తారు. నాలుగింటికీ 42 వస్తుంది. అంటే 9తో చేసే తనిఖీ కూడా ఇక్కడ పనికిరాదు. రమారమి లెక్క వేద్దామంటే నాలుగూ పదకొండు వేల తేడాలోపే ఉన్నాయి. కాస్త జాగ్రత్తగా ప్రశ్న కూర్చేవారు ఆప్షన్లను ఇలాగే ఇస్తారు. అసలు జవాబులో రెండంకెలు అటూ ఇటూ మార్చినా, 9 గుణిజం ఏదైనా కలిపినా తీసేసినా, 9తో వచ్చే శేషం మారదు.

ఇప్పుడు ప్రశ్న వైపు చూడాలి. 429 అంటే 3×11×13. లబ్ధం ఏదైనా సరే, అది 11తోనూ 13తోనూ భాగింపబడి తీరాలి. ఈ రెంటినీ విడివిడిగా పరీక్షించనక్కర్లేదు. 7, 11, 13 మూడింటినీ గుణిస్తే 1001 వస్తుంది. వెయ్యికి ఒక్కటే ఎక్కువ. కనుక 1001తో భాగించేటప్పుడు ప్రతి వెయ్యినీ మైనస్ ఒకటిగా లెక్కేసుకోవచ్చు. వెయ్యి వేలు, అంటే పది లక్షలు, మళ్లీ ప్లస్ ఒకటి అవుతుంది. సంఖ్యను కుడి నుంచి మూడేసి అంకెల ముక్కలు చేసి, మొదటి ముక్కను కూడి, రెండోదాన్ని తీసేసి, మూడోదాన్ని కూడితే సరిపోతుంది. వచ్చిన చిన్న సంఖ్యకూ, అసలు పెద్ద సంఖ్యకూ 7తో, 11తో, 13తో ఒకే శేషం వస్తుంది. ఒకసారి ముక్కలు చేస్తే మూడు తనిఖీలకూ అదే చాలు.

ఎ) 1, 998, 753. 753లోంచి 998 తీసి 1 కలిపితే మైనస్ 244. పదకొండు ఇరవైరెండ్లు 242. రెండు మిగిలింది. పోయింది.

బి) 1, 987, 953. మైనస్ 33 వచ్చింది. 11తో పోతుంది కానీ 13తో పోదు. ఇదీ కాదు.

డి) 1, 988, 853. మైనస్ 134. 11 గుణిజం 132, 13 గుణిజం 130. రెంటికీ చెందదు.

సి) 1, 997, 853. మైనస్ 143. పదకొండు పదమూళ్లు 143. ఇది నిలబడింది.

బి దగ్గర కొంచెం ఆగాలి. అసలు జవాబులో పదివేల స్థానంలోని 9నీ, వందల స్థానంలోని 8నీ తారుమారు చేస్తే బి వస్తుంది. ఒక స్థానం ఎడంగా ఉన్న రెండంకెలు ఇలా మారితే వచ్చే తేడా ఎప్పుడూ 99కి గుణిజమే. 99 అంటే తొమ్మిది పదకొండ్లు. అందుకే ఆ తప్పును 9 పట్టదు, 11 పట్టదు. పిల్లలు 11 సూత్రంతో ఆగిపోయి మోసపోయేది ఇక్కడే. పక్కపక్క అంకెలు మారితే మాత్రం 11 తప్పకుండా పట్టేస్తుంది. ఎ ఆప్షన్ అలాంటిదే, వేల స్థానంలోని 7, వందల స్థానంలోని 8 మారాయి. 13 అయితే ఈ రెండు రకాల తారుమారునూ పట్టుకుంటుంది, ఎందుకంటే ఏ రెండంకెల మధ్యా తేడా 9కి మించదు, దాన్ని 9తో గుణించినా 99తో గుణించినా 13 అందులోకి రాదు. ఈ మూడింటిలో పిల్లలు అతి తక్కువ వాడేది 13ను. ఇలాంటి చోట ఎక్కువ పని చేసేది అదే.

ముక్కలు చేయడంలో మనవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మనం కామాలు లక్షల పద్ధతిలో పెడతాం. 19,97,853 అని రాసి ఉంటే కన్ను కామా దగ్గరే తెగ్గొడుతుంది. 853లోంచి 97 తీసి 19 కలిపితే 775 వస్తుంది. 11తో భాగిస్తే 5 మిగులుతుంది. సరైన జవాబునే కొట్టిపారేస్తాం. రఫ్ కాగితం మీద సంఖ్యను కామాలు లేకుండా ఒకసారి రాసుకుని, కుడి నుంచి మూడేసి అంకెలకు గీత పెట్టమని అంటాను. నాలుగు ఆప్షన్లూ ‘భాగింపబడవు’ అని తేలితే సూత్రాన్ని అనుమానించే ముందు గీతలు ఎక్కడ పడ్డాయో చూసుకోవాలి.

ఇక 7 సంగతి. మన ప్రశ్నలో 7 కారణాంకం కాదు కదా, దానితో పనేమిటి అనిపిస్తుంది. భాగింపబడకపోయినా శేషం ఉంటుంది, శేషాలను గుణించుకోవచ్చు. 4,657లో 4,655 ఏడు గుణిజం, శేషం 2. 429లో 427 పోతే శేషం 2. రెండు రెళ్లు నాలుగు. కాబట్టి జవాబును 7తో భాగిస్తే 4 మిగలాలి. ముక్కలతో వచ్చిన చిన్న సంఖ్యలు మన దగ్గరే ఉన్నాయి. మైనస్ 143కు 147 కలిపితే 4. సరిపోయింది. మైనస్ 244కు 245 కలిపితే 1. మైనస్ 33కు 35 కలిపితే 2. మైనస్ 134కు 140 కలిపితే 6. ఒక్క ఏడే మూడు తప్పు జవాబులనూ తీసేసింది.

ఇక్కడ గుర్తు చాలా ముఖ్యం. భాగింపబడుతుందా లేదా అన్నంత వరకే అయితే మైనస్ 143 అన్నా 143 అన్నా ఒకటే. శేషం కావాలంటే మాత్రం ఒకటి కాదు. మైనస్ వదిలేస్తే 7తో శేషం 3 వస్తుంది, సరైన జవాబే తప్పుగా కనిపిస్తుంది. కుడి చివరి ముక్క ఎప్పుడూ ప్లస్. అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

7కు ఎక్కువగా నేర్పే పద్ధతి వేరు. చివరి అంకెను రెట్టింపు చేసి, మిగతా సంఖ్యలోంచి తీసేస్తూ పోవడం. 19,97,853ను అలా తగ్గిస్తే 199779, 19959, 1977, 183, 12 అని ఐదు మెట్లు దిగాలి. చివరి 12ను 7తో భాగిస్తే 5 మిగులుతుంది. అసలు శేషం 4. ఆ పద్ధతి భాగింపబడుతుందా లేదా అన్నది సరిగ్గానే చెబుతుంది, శేషాన్ని మాత్రం చెడగొడుతుంది. మూడంకెల సంఖ్యకు అది హాయిగా ఉంటుంది. ఆప్షన్లు తీసేయడానికి నేను దాన్ని వాడను.

పెద్ద సంఖ్య మీద చేయి తిరగడానికి నా పిల్లలకు 12345654321 ఇస్తాను. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో హారాల్లా కనిపించే లబ్ధాలు కొన్ని ఇచ్చాడు. 27994681ని 441తో గుణిస్తే వచ్చే ఈ సంఖ్య వాటిలో ఒకటి. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ముక్కలు చేస్తే 12, 345, 654, 321. 321లోంచి 654 తీసి, 345 కలిపి, 12 తీసేస్తే సున్నా. 7, 11, 13 మూడూ అందులో ఉన్నాయన్నమాట. కారణం కూడా చూపించవచ్చు. అది 111111కి వర్గం, 111111 అంటే 111×1001.

మొన్న ఒక అమ్మాయి అడిగింది: “మాస్టారండీ, నాలుగో ఆప్షన్ ‘పైవేవీ కావు’ అని ఇస్తే ఏం చెయ్యాలండీ? పరీక్ష నెగ్గినంత మాత్రాన అదే జవాబని చెప్పలేం కదండీ.”

నిజమే. భాజనీయత కాదన్నదాన్ని ధైర్యంగా కొట్టేయొచ్చు. అవునన్నదాన్ని వెంటనే నమ్మకూడదు. సరైన జవాబుకు 1001 కలిపినా 7, 11, 13 ఏమీ గుర్తుపట్టవు. అయితే ఆ అమ్మాయి అనుమానానికి గుణకారం చేయకుండానే జవాబుంది.

సి ఆప్షన్ చివరి రెండంకెల్లో సరిపోయింది. 9తో శేషంలోనూ సరిపోయింది: 4,657 అంకెల మొత్తం 22, అంటే 4. 429 అంకెల మొత్తం 15, అంటే 6. నాలుగారులు 24, అంటే 6. ఆప్షన్ అంకెల మొత్తం 42, అదీ 6. ఇక 11, 13 పరీక్షలూ నెగ్గింది. 100, 9, 11, 13లలో ఏ రెంటికీ ఉమ్మడి కారణాంకం లేదు. వీటన్నిటిలోనూ అసలు జవాబుతో ఏకీభవించే మరో సంఖ్య ఉందంటే, అది వీటి లబ్ధమైన 1,28,700 లేదా దాని గుణిజం అంత దూరంలోనే ఉండాలి. ఇప్పుడు రమారమి లెక్క వేద్దాం. 4,657 అనేది 4,600కూ 4,700కూ మధ్య ఉంది. 429 అనేది 420కూ 430కూ మధ్య. కనుక లబ్ధం 19,32,000కూ 20,21,000కూ మధ్య ఉండి తీరాలి. ఆ రెంటి మధ్య ఎడం 89,000 మాత్రమే, 1,28,700 కంటే తక్కువ. ఆ ఎడంలో అలాంటి సంఖ్యలు రెండు పట్టవు. 19,97,853 అందులో ఉంది కాబట్టి అదే జవాబు, ‘పైవేవీ కావు’కు చోటు లేదు.

ఈ పద్ధతి కచ్చితమైన పూర్ణసంఖ్యల లెక్కలకే చెల్లుతుంది. ‘సుమారుగా ఎంత’ అని అడిగినా, దశాంశాలను సవరించి ఆప్షన్లు ఇచ్చినా శేషాలకు అర్థం ఉండదు. ప్రశ్నలోని సంఖ్యలు చిన్నవైతే నేరుగా గుణించడమే త్వరగా అవుతుంది. నా పిల్లలకు నేను పెట్టిన వరుస ఇది: ముందు చివరి రెండంకెలు, తర్వాత 9, అవి తేల్చకపోతే ముక్కలు చేసి 11, 13. ప్రశ్నలో 11, 13 కారణాంకాలుగా లేకపోతే 7తో శేషం. ‘పైవేవీ కావు’ ఉంటే ఆఖరున పై హద్దు, కింది హద్దు. ఏ మెట్టు దగ్గర ఒక్క ఆప్షనే మిగిలితే అక్కడ ఆగిపోవచ్చు. ‘పైవేవీ కావు’ ఉన్న ప్రశ్నలో మాత్రం హద్దులు చూడకుండా ఆగకూడదు.