నూరుకు నూరు పలికే కూపన్

ప్రభుత్వం కొత్త బాండు తెచ్చినప్పుడు రిజర్వ్ బ్యాంకు సాధారణంగా ఈల్డ్ మీద వేలం వేస్తుంది. వేలంలో తేలిన కటాఫ్ ఈల్డే ఆ బాండుకు కూపన్ అవుతుంది. ఆ ఈల్డ్‌కు పాడుకున్నవారికి నూరు రూపాయల బాండు సరిగ్గా నూరుకే దక్కుతుంది. ఇలా ధర ముఖవిలువతో సమానమయ్యే కూపన్ రేటునే పార్ ఈల్డ్ అంటారు. వేలం లేకపోయినా, స్పాట్ రేట్లు చేతిలో ఉంటే దాన్ని లెక్కకట్టవచ్చు.

ఏడాదికి 6, రెండేళ్లకు 6.5, మూడేళ్లకు 7 శాతం స్పాట్ రేట్లు ఉన్నాయనుకుందాం. వీటి సగటు 6.5 కాబట్టి మూడేళ్ల బాండు కూపన్ కూడా అంతే అనుకుంటే పొరపాటే. ఆ కూపన్‌తో బాండు ధర 98.80 రూపాయలే వస్తుంది. పోనీ 7 శాతం ఇద్దామా అంటే ధర 100.12కు పోతుంది. మూడేళ్ల స్పాట్ రేటు మూడో ఏడాది చివర అందే సొమ్ముకే వర్తిస్తుంది. ముందు రెండేళ్ల కూపన్లను వాటి వాటి రేట్లతోనే ఈనాటి విలువకు తేవాలి.

అందుకే ముందుగా, ఆయా ఏళ్ల చివర అందే ఒక్క రూపాయి ఈరోజు ఎంత చేస్తుందో చూడాలి. మొదటి ఏడాదిది 1ని 1.06తో భాగిస్తే 0.9434. రెండోది 1.065తో రెండుసార్లు భాగిస్తే 0.8817. మూడోది 1.07తో మూడుసార్లు భాగిస్తే 0.8163. ఇవే డిస్కౌంట్ ఫ్యాక్టర్లు.

చివర్లో తిరిగొచ్చే అసలు, ప్రతి రూపాయికీ ఈరోజు 0.8163 మాత్రమే చేస్తుంది. రూపాయికి తగ్గిన 0.1837ను మూడు కూపన్లు కలిసి పూడ్చాలి. ఏటా ఒక రూపాయి చొప్పున కూపన్ వస్తే, మూడు ఫ్యాక్టర్లూ కలిపి దాని విలువ 2.6414. కాబట్టి 0.1837ను 2.6414తో భాగిస్తే 0.0695, అంటే 6.95 శాతం. రెండేళ్ల బాండుకు ఇదే పద్ధతిలో 6.48 వస్తుంది.

మూడేళ్ల స్పాట్ 7 అయితే పార్ ఈల్డ్ 6.95 దగ్గరే ఆగింది. అసలంతా చివర్లోనే వస్తుంది కనుక ఆఖరి రేటు బరువే ఎక్కువ. ముందు కూపన్లు తక్కువ రేట్ల కింద పడి పార్ ఈల్డ్‌ను కొంచెం కిందికి లాగాయి. రేట్లు తారుమారై 7, 6.5, 6గా ఉంటే పార్ ఈల్డ్ 6.04 అయి, ఆఖరి స్పాట్‌ను దాటుతుంది. నా మటుకు, జవాబు సరైనదో కాదో చప్పున పట్టిచ్చే గుర్తు ఇదే: స్పాట్ రేట్లు ఏటేటా పెరుగుతుంటే పార్ ఈల్డ్ ఆఖరి స్పాట్ కన్నా తక్కువ ఉండాలి, తగ్గుతుంటే ఎక్కువ ఉండాలి.

మన ప్రభుత్వ బాండ్లు ఆరునెలలకోసారి వడ్డీ చెల్లిస్తాయి. అప్పుడు మూడేళ్లకు మూడు కాదు, ఆరు ఫ్యాక్టర్లు కావాలి; వచ్చిన అర్ధసంవత్సర కూపన్‌ను రెట్టింపు చేయాలి. ఏది చేసినా, ఆ కూపన్‌తోనే ధర మళ్లీ కట్టి చూడండి. నూరు రాకపోతే ఎక్కడో లెక్క తప్పింది.