పండగ డబ్బా, పదమూడో నిబంధన

దసరా దగ్గర పడిందంటే పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం రోడ్ల మీద స్వీట్ డబ్బాల కార్లు తిరగడం మొదలవుతుంది. సప్లయర్లు, కాంట్రాక్టర్లు పర్చేజ్, స్టోర్స్, క్వాలిటీ విభాగాల వాళ్ల పేర్లు రాసుకుని బయల్దేరతారు. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో యుద్ధవాహనాలు తయారుచేసే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఉంది. 2021 అక్టోబర్ 1న అది ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి మారినా, డిప్యుటేషన్ మీద అందులోకి వెళ్లిన ఉద్యోగులకు కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళే వర్తిస్తూ వచ్చింది. 1964 నాటి ఆ నియమావళిలో పదమూడోది కానుకల నిబంధన. దాని పనితనం నాకు బాగా నచ్చుతుంది.

ముందు మొదటి వాక్యం చూడండి. ఉద్యోగి కానుక తీసుకోకూడదు అని ఊరుకోలేదు. ఇంట్లోవాళ్లను గానీ, తన తరఫున మరొకరిని గానీ తీసుకోనివ్వకూడదు అంది. రాసినవాళ్లకు లోకం తెలుసు. డబ్బా ఎప్పుడూ ఆఫీసు టేబుల్ మీదికి రాదు. సారు డ్యూటీలో ఉండగా క్వార్టర్ గుమ్మంలో పిల్లాడి చేతికి వస్తుంది. "మాకు తెలియదు, పిల్లలు తీసుకున్నారు" అనే మాటకు ఆ ఒక్క వాక్యంతోనే దారి మూసేశారు.

తర్వాత, కానుక అంటే ఏమిటో చెప్పారు. దగ్గరి బంధువులు, ఆఫీసు లావాదేవీ లేని సొంత స్నేహితులు కాకుండా ఇంకెవరైనా ఉచితంగా ఇచ్చే ప్రయాణం, బస, భోజనం, డబ్బు రూపంలో లాభం అన్నీ కానుకే. వెంటనే ఒక సడలింపు. మామూలుగా పెట్టిన ఒక పూట భోజనం, దారిలో ఇచ్చిన లిఫ్ట్, ఇలాంటి మర్యాదలు కానుక కింద లెక్కకు రావు. ఆ వెనకే ఇంకో పట్టు. లావాదేవీ ఉన్న కంపెనీ నుంచి ఆడంబరమైన ఆతిథ్యం గానీ, తరచుగా ఆతిథ్యం గానీ తీసుకోకుండా ఉండాలి. పాశమైలారంలో ఒక వర్క్‌షాపుకు ఇన్‌స్పెక్షన్‌కు వెళ్తే మధ్యాహ్నం వాళ్లు పెట్టిన పప్పన్నం తినొచ్చు. అదే వర్క్‌షాపు వాళ్లు వారం వారం ముంబై హైవే మీద హోటల్‌కు తీసుకెళ్తుంటే, బిల్లు ఎంత చిన్నదైనా, ఆ "తరచుగా" అన్న మాట వచ్చి పట్టుకుంటుంది.

ఇక అంకెలు. పెళ్లికో పండక్కో బంధువులు, లావాదేవీ లేని స్నేహితులు ఇచ్చేవి గ్రూప్ ఎ వాళ్లకు 25,000, బి వాళ్లకు 15,000, సి వాళ్లకు 7,500 రూపాయలు దాటితే ప్రభుత్వానికి తెలపాలి. మిగతా అందరి దగ్గరా పరిమితి వేరు. 2019 ఆగస్టులో సవరించాక గ్రూప్ ఎ, బి లకు 5,000, సి కి 2,000. అది దాటిందాన్ని అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. అంతకుముందు ఆ అంకెలు 1,500, 500.

ఒక కాంట్రాక్టర్ దీపావళికి రెండు ఇళ్లకు ఒకేరకం మిక్సీ పంపాడనుకుందాం. ఖరీదు 2,500. స్టోర్స్‌లో గ్రూప్ సి ఉద్యోగికి అది అనుమతి కావాల్సిన వస్తువు. పై అధికారికి పరిమితి లోపలిదే. కానీ ఆ అధికారి టేబుల్ మీద అదే కాంట్రాక్టర్ బిల్లు ఉంటే 5,000 అన్న అంకె కాపాడదు. అవినీతి నిరోధక చట్టంలో ఇంత లోపు ఫర్వాలేదన్న మాట లేదు. అక్కడ చూసేది ఎందుకిచ్చారన్నదే. ఇంకో తమాషా. పరిమితి పెంచిన 2019లో ఒక గ్రాము బంగారు నాణెం ఆ 5,000 లోపలే ఉండేది. ఇప్పుడు ఆ గ్రాము ఎప్పుడో దాటిపోయింది.

లోపాలూ ఉన్నాయి. ఒకే సప్లయర్ దసరాకు, దీపావళికి, జనవరి ఒకటికి మూడుసార్లు పంపితే అన్నీ కలిపి లెక్కేయాలని ఈ నిబంధన చెప్పదు. గుమ్మంలో వదిలేసి పోయిన డబ్బా గురించి ఎవరికి, ఎన్ని రోజుల్లో చెప్పాలో కూడా ఇందులో లేదు. అది ఆఫీసే పూరించుకోవాలి. నాకు తోచిన దారి ఇది. మర్నాడే పై అధికారికి నాలుగు వాక్యాల నోట్ పెట్టాలి. ఎవరు పంపారు, ఏమిటి, సుమారు ఖరీదెంత, వాళ్ల టెండరు, ఇన్‌స్పెక్షన్, బిల్లు ఏదైనా మన దగ్గర పెండింగులో ఉందా. వస్తువును తిరిగి పంపి, అందినట్టు సంతకం చేయించుకున్న కాగితాన్ని ఆ నోట్‌కు జతచేయాలి. స్వీట్లు పాడైపోతాయి కాబట్టి తిరిగి పంపే వీలు లేకపోతే క్యాంటీన్‌లో పంచేసి, ఆ సంగతి కూడా రాయాలి. పెండింగులో ఏముందన్న వివరం మాత్రం వదలకూడదు. విజిలెన్స్ వాళ్లు ఖరీదు కన్నా ముందు అడిగేది దాన్నే.