ఫోటో పోయిన చోట రెండు మాటలు

పాత వరద వార్త ఒకటి కావలసి వచ్చి మొన్న మా పత్రిక వెబ్‌సైటులో వెతికాను. రాసింది నేనే. ధవళేశ్వరం దగ్గర ఆ రోజు గోదావరి ఎన్ని అడుగులుందో అందులో ఉంటుందని నా ధీమా. పేజీ దొరికింది. ఫోటో ఉండాల్సిన చోట చిరిగిన కాగితంలాంటి చిన్న గుర్తు, దాని పక్కన రెండు మాటలు: "వరద ఫోటో". మధ్యలో ఎప్పుడో సర్వరు మారింది. అక్షరాలన్నీ కొత్త ఇంటికి వచ్చాయి గానీ కొన్నేళ్ల ఫోటోలు దారిలోనే పోయాయి. పోతే పోయాయి, అంకె వార్తలో ఉంటుంది కదా అని చదివాను. "నీటిమట్టం ఎంతవరకు వచ్చిందో పై చిత్రంలో చూడవచ్చు" అని ఉంది. ఇలా రాసిన మహానుభావుణ్ణి ఏమనాలి?

అచ్చు పత్రిక తీయించి చూశాను. అక్కడ అదే ఫోటోను సింగిల్ కాలానికి సరిపోయేలా కత్తిరించారు. గేజి ఉన్న అంచే ఎగిరిపోయింది.

ఆ రెండు మాటల్ని ఆల్ట్ టెక్స్ట్ అంటారు, డెస్కులో మాకది ఆల్ట్. వెబ్‌పేజీలో ఎక్కించే ప్రతి బొమ్మ వెనకా అక్షరాలు రాసుకోవడానికి ఒక చిన్న అర ఉంటుంది. అందులో రాసింది మామూలుగా ఎవరి కంటికీ కనబడదు. బొమ్మ రాకపోతే బ్రౌజరు దాన్ని బయటికి తీసి చూపిస్తుంది. చూపు లేనివాళ్ల ఫోన్లో స్క్రీన్ రీడరు దాన్నే చదివి వినిపిస్తుంది. ఇదేమీ నిన్న మొన్న పుట్టింది కాదు. 1995లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 2.0లోనే ఉంది. బొమ్మలు చూపించడం చేతకాక అక్షరాలు మాత్రమే చూపించే బ్రౌజర్లు వాడకంలో ఉన్న రోజులవి. బొమ్మ అందనివాళ్లకి మాట అందాలన్నది మొదటి నుంచీ ఉన్న ఏర్పాటే. దాన్ని ఫారంలో ఖాళీ గడిలా చూసి, ఏదో ఒకటి నింపి పంపించేసింది మాలాంటివాళ్లం.

నాకు బుద్ధి వచ్చింది ఆ పాత వార్త రాసిన తర్వాతి ఏడాది వరదల్లో. కాకినాడ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. ఆయనకి చూపు లేదు, ఫోను చదివి వినిపిస్తే పేపరు వింటారు.

"బాబూ, మీ వార్తలో ఫోటో దగ్గరికి వచ్చేసరికి నా ఫోను 'వరద ఫోటో, ఇమేజ్' అంది. వరద అని హెడ్డింగులోనే విన్నాను. ఫోటో అని ఫోనే చెప్పింది. మరి మధ్యలో మీరు చెప్పిందేమిటండీ?"

నా దగ్గర జవాబు లేదు. ఆయనే మళ్లీ అడిగారు: "గేజి ఎంత చూపిస్తోంది? మా చెల్లెలు వాళ్లది లంక."

గోదావరి తెలిసినవాళ్లకి ఈ ప్రశ్న బరువు విడమరిచి చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. దిగువన లంకల్లో గొడ్లని ఎప్పుడు తోలుకుపోవాలో, పడవ ఎప్పుడు కట్టాలో ఆ అంకెని బట్టే ఆలోచిస్తారు. ఆ రోజు మా ఫోటోలో అంకె స్పష్టంగా ఉంది. ఎర్రటి నీటిలో సగం మునిగిన తెల్లటి గేజి, 14 అడుగుల గీతను నీరు తాకుతోంది. వెనక ఎత్తి ఉన్న గేట్లు వరుసగా. గేజి కొసన ఒక కొంగ కూర్చుంది. మా ఫోటోగ్రాఫరు ఆ కొంగ కోసం అరగంట నిలబడ్డాడట. ఇంత ఉన్న ఫోటోకి నేను పెట్టింది ఇది:

```html
<img src="IMG_4471.jpg" alt="వరద ఫోటో">
```

మాస్టారికి అంకె చెప్పి ఫోన్ పెట్టేసి, ఆల్ట్ దిద్దడానికి కూర్చున్నాను. అవమానం ఇంకా పచ్చిగా ఉంది కదా, మొదటి ప్రయత్నంలో ఫోటోలో ఉన్నవన్నీ రాసేశాను. నీటి రంగు, గేట్లు, మబ్బులు, కొంగ, చివర్న గేజి. బయటికి చదువుకుంటే ఆకాశవాణిలో ప్రకృతి వర్ణనలా ఉంది. వినేవాళ్లకి ఇక్కడో చిక్కుంది. కంటితో చూసేవాడు గేజి దగ్గరికి నేరుగా వెళ్లిపోతాడు. చెవితో వినేవాడు మనం ఏ వరసలో చెబితే ఆ వరసలోనే నడవాలి. కొంగ దాటితే గానీ అంకె రాదు. రెండోసారి "ధవళేశ్వరం వద్ద ఉగ్రరూపంలో గోదావరి" అని రాశాను. ఇది మరీ అన్యాయం. ఉగ్రరూపం ఫోటోలో లేదు, మా హెడ్డింగుల్లో ఉంది. మూడోసారి ఫోటో సంగతి పక్కన పెట్టి, ఫోన్లో మాస్టారికి ఏం చెప్పానో అదే రాశాను:

```html
<img src="IMG_4471.jpg" alt="బ్యారేజీ గేజి మీద నీరు 14 అడుగుల గీతను తాకుతోంది.">
```

ధవళేశ్వరం అనీ, మంగళవారం ఉదయం అనీ ఇందులో లేవు. అవి ఫోటో కింద క్యాప్షన్లో ఉన్నాయి. క్యాప్షన్ని తెచ్చి ఆల్ట్‌లో కూడా అతికిస్తే స్క్రీన్ రీడరు ఒకే ముక్క రెండుసార్లు చదువుతుంది. 'ఫోటో' అన్న మాటా లేదు, అది ఫోను చెప్పుకుంటుంది. రెండో హెచ్చరిక సంగతి వార్త మొదటి వాక్యంలోనే ఉంది. ఇవన్నీ తీసేస్తే మిగిలింది ఒక్క వాక్యం. ఇదే పద్ధతి హెచ్‌టీఎంఎల్ ప్రమాణ పత్రంలోనే రాసి ఉందని తర్వాత చదివాను: ఈ పేజీని ఫోన్లో ఎవరికైనా చదివి వినిపిస్తున్నట్టు ఊహించుకోండి, అక్కడొక బొమ్మ ఉందని చెప్పకుండా ఆ చోట ఏమంటారో అదే రాయండి అని.

అసలు పాఠం మాత్రం కొన్ని నెలల తర్వాత వచ్చింది. అదే ఫోటోని ఆదివారం అనుబంధంలో, 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట మీద వ్యాసానికి వాడారు. పాత ఆల్ట్ దానితోపాటే వచ్చేసింది. చరిత్ర చదువుతున్నవాడికి మధ్యలో "నీరు 14 అడుగుల గీతను తాకుతోంది" అని వినబడితే ఉలిక్కిపడి లేస్తాడు, ఇవాళ వరదేమో అని. అక్కడ ఆ ఫోటో చేస్తున్న పని వేరు. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ ఎలా ఉంటుందో చూపించడం. అందుకని "ఎత్తిన గేట్ల వరుస కింద నుంచి దూకుతున్న గోదావరి" అని మార్చాను. ఆ తర్వాత మా ఫోటోగ్రాఫరు తన సొంత పేజీలో పెట్టుకున్నాడు. అక్కడ అడుగులు ఎవరికి కావాలి? "ఎర్రటి వరద నీటిలో సగం మునిగిన తెల్లటి గేజి, దాని కొసన ఒంటరి కొంగ." అరగంట నిలబడినవాడి కష్టం అక్కడ దక్కింది. ఫోటో ఒకటే, ఆల్ట్‌లు మూడు. బొమ్మలో ఏముందని అడిగితే మూడూ అసంపూర్ణమే. ఈ బొమ్మ ఇక్కడికి ఎందుకొచ్చిందని అడిగితే మూడూ సరిపోతాయి. ఫోటోతోపాటు ఆల్ట్‌ని కూడా గిడ్డంగిలో భద్రపరిచి, ఎక్కడ వాడితే అక్కడికి అదే పంపించే ఏర్పాటు మా సాఫ్ట్‌వేరులో ఉంది. సౌకర్యమే, కానీ నేను నమ్మను.

కొన్ని బొమ్మలకి అక్కడ పనే ఉండదు. పేరాల మధ్య వేసే ముగ్గులాంటి గీత, పండగ పేజీ అంచున మామిడి తోరణం. వాటికి ఆల్ట్ ఖాళీగా వదలాలి. ఇక్కడ పొరపాటు సులభం: ఖాళీగా ఉంచడం వేరు, అసలు పెట్టకపోవడం వేరు. `alt=""` అని రాస్తే స్క్రీన్ రీడరు ఆ బొమ్మని దాటుకుని పోతుంది. ఆ మాటే లేకపోతే దానికి ఏం చేయాలో తెలియదు. బొమ్మ మీద లింకు కూడా ఉంటే ఫైలు పేరో, లింకు చిరునామానో తీసుకుని ఒక్కో అక్షరం, ఒక్కో అంకె చదవడం మొదలుపెట్టొచ్చు. పేజీ పైన వెతికే బటన్‌గా ఉండే భూతద్దం గుర్తు ఇంకో రకం. మా పేజీలో చాలాకాలం దాని ఆల్ట్ "భూతద్దం" అనే ఉంది. మాస్టారు నవ్వారు: "మీ ఆఫీసులో భూతద్దాలు కూడా అమ్ముతారా?" ఇప్పుడది "వెతకండి".

తెలుగులో రాసేవాళ్లకి ప్రత్యేకంగా తగిలే దెబ్బలు రెండు ఉన్నాయి, రెండూ నేను తిన్నవే. అచ్చు పేజీ కోసం యూనికోడ్ కాని డీటీపీ ఫాంటులో కొట్టిన క్యాప్షన్‌ని తెచ్చి ఆల్ట్ గడిలో అతికించాను ఒకసారి. ఆ ఫాంటు ఉన్నచోట అది తెలుగులా కనబడుతుంది, లోపల మాత్రం ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ పిచ్చి గుర్తులూ. ఆల్ట్‌కి ఫాంటు వేషం ఉండదు కదా, ఫోను ఆ పిచ్చి గుర్తుల్నే చదివింది. పేజీ చూస్తే అంతా బాగానే ఉంది, కాబట్టి నెల దాకా ఎవరం కనిపెట్టలేదు. రెండోది ధర్నా ఫోటో. ప్లకార్డు మీది నినాదాన్ని కొటేషన్ మార్కుల్లో పెట్టాను, కోడ్ చేత్తో రాస్తూ. ఆల్ట్ మొత్తం కూడా అవే మార్కుల మధ్య ఉంటుందన్నది మర్చిపోయాను. నినాదం మొదలయ్యే చోట బ్రౌజరు వాక్యం అయిపోయిందనుకుంది. "రైతు చేతిలోని ప్లకార్డు మీద" అని ఆగిపోయింది, ఏముందో చెప్పకుండా.

ఈ రెండూ పట్టుకోవడానికి నేను చేసే పని చిన్నది. పేజీ పంపించే ముందు బ్రౌజరులో బొమ్మలు రాకుండా ఆపేసి, వార్త మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. ఎక్కడ కథ తెగిందో అక్కడ ఆల్ట్ తప్పు. పవర్‌కట్ వేళల నోటీసులాంటిది ఫోటోగా వస్తే ఈ చదువులో వెంటనే బయటపడుతుంది. దాన్ని ఆల్ట్‌లో కుక్కను, వేళలన్నీ వార్తలోకే ఎక్కిస్తాను. వరద రోజుల్లో ఇది పరీక్ష కూడా కాదు, వాస్తవం. టవర్లు పడిపోయి సిగ్నలు ఒక గీత మీద ఉన్న ఊళ్లో అక్షరాలు వస్తాయి, ఫోటో సగంలో ఆగిపోతుంది. అప్పుడు చూపున్నవాళ్లూ ఆల్ట్‌నే చదువుతారు.

మొన్న దొరికిన ఆ పాత పేజీని మాత్రం ఇంకా దిద్దలేదు. నాకు పదమూడున్నర అని లీలగా గుర్తు. లీలగా గుర్తున్న అంకెని గేజి మీద చూసినట్టు రాయలేను. ఆ వరదలో ధవళేశ్వరం గేజిని ఫోటో తీసినవాళ్లు చదువరుల్లో ఎవరైనా ఉంటే దయచేసి నాకు పంపండి. పంపేటప్పుడు అది ఏ రోజో, నీరు ఏ గీత దగ్గర ఉందో కింద ఒక వాక్యం రాయండి. ఫోటో తెరుచుకోకపోయినా నా పని అయిపోతుంది.