నాలుగు గళ్ల వెడల్పు

"పంపింగ్ 25 శాతమే ఉందన్నారు సార్" అంటూ ఫైలు బల్లమీద పెడతారు. పైన ఎకో రిపోర్టు ఉంటుంది. ఈసీజీ ఎక్కడో అడుగున మడతపడి ఉంటుంది. నేను ముందు దాన్నే వెతుక్కుంటాను. గుండె ఎంత నీరసించిందో ఎకో చెబుతుంది. ఆ నీరసంలో కొంతైనా తిరిగి రాబట్టుకోగలమా అన్నది చాలాసార్లు ఈసీజీలోనే తెలుస్తుంది.

ఈసీజీలో నిటారుగా లేచే గీతను క్యూఆర్ఎస్ అంటాం. కరెంటు రెండు జఠరికలకూ పాకడానికి పట్టే సమయమే దాని వెడల్పు. కాగితంపై ఒక చిన్న గడి 40 మిల్లీసెకన్లు. ఆరోగ్యంగా ఉన్న గుండెలో క్యూఆర్ఎస్ మూడు గళ్లలోపే ముగుస్తుంది. ఎడమవైపు కరెంటు తీసుకెళ్లే తీగ దెబ్బతింటే (దాన్నే లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ అంటాం) అది నాలుగు గళ్లు, ఒక్కోసారి అంతకుమించి సాగుతుంది.

ఆ ఒక్క గడి ఆలస్యం చేసే నష్టం చిన్నది కాదు. రెండు జఠరికల మధ్య గోడ ముందే ముడుచుకుంటుంది. అప్పటికి ఎదురుగా ఉన్న బయటి గోడకు ఇంకా కబురే అందదు, అందుకే అది సాగిపోతుంది. తర్వాత బయటి గోడ ముడుచుకునేసరికి మధ్య గోడ వదులై వెనక్కి జరుగుతుంది. తడి చీరను చెరో కొస పట్టుకున్న ఇద్దరూ ఒకేసారి మెలిపెట్టకపోతే నీళ్లు కారవు కదా, ఇదీ అంతే. గుండె కష్టపడుతూనే ఉంటుంది గానీ రక్తం బయటికి పోకుండా లోపలే అటూ ఇటూ ఊగుతుంది. మైట్రల్ కవాటాన్ని పట్టి ఉంచే కండరాలూ ఆలస్యంగా బిగుస్తాయి కాబట్టి కవాటం కూడా లీకవుతుంది.

సీఆర్‌టీ అనే ప్రత్యేక పేస్‌మేకర్ చేసేది ఆ రెండు గోడలనూ మళ్లీ ఒకేసారి కదిలించడమే. గుండెకు అది కొత్త బలమేమీ ఇవ్వదు. డోబుటమిన్ లాంటి మందులు పంపింగ్ పెంచుతాయి గానీ గుండె చేత ఎక్కువ ఆక్సిజన్ ఖర్చు చేయిస్తాయి. సీఆర్‌టీతో పంపింగ్ పెరిగినా ఆ ఖర్చు పెరగదని 2000లోనే కొలిచి చూపించారు. నాకు ఈ చికిత్స మీద గురి కుదిరింది అక్కడే.

ఖమ్మం వైపు నుంచి వచ్చిన ఒకావిడ సంగతి చెబుతాను. వయసు 58. రక్తనాళాల్లో అడ్డంకులు లేవు. మందులన్నీ సరైన మోతాదులో మూడు నెలలకు పైగా వాడినా పంపింగ్ 25 దాటలేదు. క్యూఆర్ఎస్ 168 మిల్లీసెకన్లు.

ఆవిడకు సీఆర్‌టీ పెట్టేటప్పుడు రెండు తీగలు కుడివైపు గదుల్లోకి సులువుగానే వెళ్లాయి. చిక్కంతా మూడోదానితోనే. ఎడమ జఠరిక లోపల తీగ పెడితే రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. అందుకే కరోనరీ సైనస్ అనే సిర ద్వారం వెతికి, రక్తం వచ్చే దారిలోనే ఎదురెక్కి, బయటి గోడమీదుగా పోయే చిన్న సిరలోకి దించుతాం. డై ఎక్కించి చూస్తే ఆవిడకు అక్కడ మంచి సిర కనిపించింది. తీగ కుదిరాక 10 వోల్టులు ఇచ్చి, ఎడమ డొక్క మీద చెయ్యి పెట్టి చూశాం. టకటకా ఎగిరింది. పక్కనే ఉన్న ఫ్రెనిక్ నరానికి కరెంటు తగులుతోందన్నమాట. అలాగే వదిలేస్తే ఇంటికెళ్లాక ఎక్కిళ్లలా పొట్ట ఎగురుతూ నిద్రపట్టనివ్వదు. తీగకు నాలుగు కాంటాక్టులుంటాయి కాబట్టి ఇంకోదానికి మార్చాం, ఎగరడం ఆగింది. బల్లమీద ఉండగానే తీసిన ఈసీజీలో క్యూఆర్ఎస్ 130కి దిగింది. ఆరు నెలలకు పంపింగ్ 42 అయింది, కవాటం లీకు బాగా తగ్గింది.

అందరికీ ఇలా జరగదు. దాదాపు ముగ్గురిలో ఒకరికి చెప్పుకోదగ్గ మేలు కనిపించదు. పాత హార్ట్ ఎటాక్ వల్ల బయటి గోడ మచ్చకట్టి ఉంటే అక్కడ ఎంత కరెంటిచ్చినా కండరం కదలదు. క్యూఆర్ఎస్ సన్నగా ఉన్నవాళ్లకైతే అసలు పెట్టకూడదు. 130 లోపు ఉన్నవారిమీద చేసిన ఎకో-సీఆర్‌టీ అధ్యయనం 2013లో వెలువడింది. అందులో యంత్రం ఆన్ చేసి ఉంచినవాళ్లలోనే మరణాలు ఎక్కువ. పంపింగ్ తక్కువుందన్న ఒక్క కారణంతో లక్షలు పోసి ఈ పెట్టె పెట్టించడం నా దృష్టిలో తప్పు.

పెట్టించుకున్నవాళ్లూ ఇక నిశ్చింతే అనుకోకూడదు. ప్రతి కొట్టుకోవడాన్నీ యంత్రమే నడిపితేనే లాభం. మధ్యలో గుండె సొంతంగా అదనపు దెబ్బలు వేసినా, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మొదలైనా యంత్రం నడిపే దెబ్బల వాటా పడిపోయి ఆయాసం తిరగబెడుతుంది. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా సీఆర్‌టీ ఉంటే, చెకప్‌లో "పేసింగ్ ఎంత శాతం ఉంది సార్?" అని తప్పకుండా అడగండి. 98కి తగ్గితే, ఎందుకు తగ్గిందో చెప్పేదాకా కదలకండి.