మెయిల్‌ని మలిచే చేయి

ఆఫీసు మెయిల్‌లో నిందను తీసేసి పనిని నిలబెట్టడం ఒక పనితనం. మా అకౌంట్స్ విభాగంలో ఒక సీనియర్ మేడం దగ్గర అది చూశాను.

ఓ కుర్రాడు సేల్స్ వాళ్లకు ఇలా రాశాడు: "మీరు ఎప్పుడూ బిల్లులు ఆలస్యంగానే పంపుతారు. మీవల్ల రిటర్న్ ఆగిపోయింది."

మేడం ముందు "ఎప్పుడూ" కొట్టేశారు. ఆ మాట ఉంటే అవతలివాళ్లు టైముకి పంపిన నెలలు ఏకరువు పెడతారు, బిల్లులు మాత్రం రావు. తర్వాత ఇలా మార్చారు: "గత నెల బిల్లుల్లో ఆరు నాకింకా అందలేదు. అవి లేకుండా నేను పన్ను లెక్క తేల్చలేను. 20వ తేదీలోగా జీఎస్టీఆర్-3బీ వేయకపోతే మన కంపెనీకి లేట్ ఫీజు పడుతుంది. 17కల్లా పంపడం వీలవుతుందా? ఏవైనా దొరక్కపోతే మనం కలిసి వెతుకుదాం."

ఇందులో జరిగింది ఉంది, దాని ఫలితం ఉంది, అడిగే పని ఉంది. ఎవరు, ఎప్పటికి చేయాలో కూడా స్పష్టంగా ఉంది.

"మీరు పట్టించుకోవట్లేదని నాకనిపిస్తోంది" అని రాస్తే మాత్రం ఆవిడ ఒప్పుకోరు. "నాకనిపిస్తోంది" అని ముగిసినా అది నిందే. ఒక్కరు చేయాల్సిన పనికి "మనం టైముకి పంపాలి" అన్నా ఎత్తిపొడుపులాగే తగులుతుంది.

పంపే ముందు మీ మెయిల్‌లో "మీరు" ఉన్న ప్రతి వాక్యాన్నీ ఒకసారి చదవండి. అందులో పని లేకుండా తప్పు మాత్రమే ఉంటే, దాన్ని మార్చి రాయండి.