బెల్లం ముక్కను తూకం వేస్తే

మా అత్తయ్యగారికి షుగరొచ్చి ఆరేళ్లయింది. వచ్చిన మర్నాడే పంచదార డబ్బా అటకెక్కింది, దాని చోటులోకి బెల్లం డబ్బా దిగింది. అనకాపల్లి వైపు ఊరు, బెల్లానికి కరువేముంటుంది? జబ్బుకి మనవాళ్లు పెట్టుకున్న పేరులోనే ఉంది చిక్కంతా. ‘షుగరు’ అన్నాం కాబట్టి మానాల్సింది పంచదారొక్కటే అనుకుంటాం. దాన్ని ‘బెల్లం జబ్బు’ అన్నవాళ్లెవరూ లేరు.

మొన్న వెళ్లినప్పుడు ఆవిడ టీ పెట్టుకోవడం చూశాను. టీ దించి, సెగ తగ్గాక బెల్లం ముక్క వేశారు. పొయ్యి మీద ఉండగా వేస్తే పాలు విరుగుతాయి కదా. ఆ ముక్క నా కంటికి కాస్త పెద్దదనిపించింది. వంటింట్లో కేకుల కోసం మా ఆవిడ కొనిపెట్టిన చిన్న కాటా ఉంటే, మరుసటి టీకి ముక్కను దాని మీద పెట్టాను. 15 గ్రాములు. రోజుకి మూడు టీలు, అంటే 45 గ్రాములు. పంచదార రోజుల్లో కప్పుకి రెండు చెంచాలు, సుమారు 10 గ్రాముల చొప్పున 30 గ్రాములే వాడేవారు. బెల్లానికి తీపి కాస్త తక్కువ, పైగా మంచిదన్న ధైర్యమొకటి. ముక్క పెరగడానికి ఆ రెండూ చాలు.

ఇంతకీ ముక్కలో ఏముంది? చెరకు రసాన్ని పెనంలో మరిగించి, సున్నం వేసి, పైకి తేలిన మడ్డి తీసేసి, పాకం ముదిరాక అచ్చుల్లో పోస్తే బెల్లం. మిల్లులో అదే రసాన్ని పలుకు కట్టనిచ్చి, గిర్రున తిప్పి, నల్లటి మొలాసిస్‌ని వేరు చేస్తారు; మిగిలింది పంచదార. పంచదారలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు పైగా సుక్రోజే. బెల్లంలో ఆ మొలాసిస్ ఉండిపోతుంది కాబట్టి కొద్దిగా తేమ, కొద్దిగా ఖనిజాలు కలుస్తాయి. అవి పోగా 100 గ్రాముల బెల్లంలో 85 గ్రాముల దాకా చక్కెరలే. వాటిలోనూ అధిక భాగం ఆ సుక్రోజే, మిగతాది గ్లూకోజు, ఫ్రక్టోజు. పంచదార 30 గ్రాములైతే అత్తయ్యగారి ఒంట్లోకి వెళ్లే చక్కెర 30 గ్రాములు. బెల్లం 45 గ్రాములైతే 38. మానేశాననుకున్నది మానకపోగా పెరిగింది.

“మరి ఐరనో?” అన్నారు. న్యాయమైన ప్రశ్నే. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల చెరకు బెల్లంలో ఇనుము నాలుగున్నర మిల్లీగ్రాముల పైచిలుకు. పంచదారలో దాదాపు సున్న. ఇక్కడ బెల్లం గెలిచింది, కాదనను. అయితే ఆవిడ 45 గ్రాములకి దక్కేది 2 మిల్లీగ్రాములు. పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకి రోజుకి 29 కావాలంటారు. అదంతా బెల్లంతోనే పూడ్చాలంటే అరకిలో దాటి తినాలి. పైగా ఆ 2 మిల్లీగ్రాములనీ కలిపింది టీలో. టీలోని వగరు ఇనుమును పట్టేసుకుని ఒంటికి ఎక్కనివ్వదు. 100 గ్రాముల బెల్లంలో ఉన్నంత ఇనుము ఇంచుమించు 100 గ్రాముల రాగుల్లోనూ ఉంది, కాల్షియం బెల్లం కంటే మూడింతలు. ఒక పూట సంకటికి అంత పిండి పడుతుంది. బెల్లంలోలా చక్కెర ఉండదు గానీ, రాగుల పిండిపదార్థం కూడా రక్తంలో గ్లూకోజును పెంచుతుంది.

రంగు గురించి కూడా ఒక మాట. బజారులో మెరిసే పసుపు దిమ్మకి గిరాకీ, నల్లదాన్ని పక్కకి తోసేస్తారు. ఆ మెరుపుకి చాలాచోట్ల హైడ్రోస్ వేస్తారు. అది గంధకపు రసాయనం. బెల్లంలో సల్ఫర్ డయాక్సైడు కిలోకి 70 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. వేడి నీళ్లలో కరిగించి వాసన చూస్తే, ఎక్కువ పడినప్పుడు ముక్కుకి ఘాటు తగులుతుంది. తెచ్చిన కొన్నాళ్లకే పచ్చదనం పోయి నల్లబడినా అనుమానించాల్సిందే. ఆరోగ్యం కోసమని కొనేవాళ్లే ఆ పచ్చ దిమ్మని ఏరుకోవడం నాకు వింతగా ఉంటుంది.

అత్తయ్యగారు కాటా వంక చూసి, “ఇన్నాళ్లూ ఒక్కరూ చెప్పలేదేం బాబూ?” అన్నారు. ఇప్పుడు తీపి లేని టీ రెండు సార్లే తాగుతున్నారు, మొహం చిట్లిస్తూనే. బెల్లం డబ్బాని మాత్రం అటకెక్కించనివ్వలేదు. సంక్రాంతికి అరిసెలు వండాలి కదా, పంచదార పాకంతో వండితే వాటికి ఆ రంగూ రాదు, ఆ రుచీ రాదు.